బాస్ మారినప్పుడు వచ్చే లేఖలో ఏముండాలి?

సెప్టెంబరు మధ్యలో హెచ్ఆర్ నుంచి ఒక మెయిల్ వస్తుంది. దానికి జతచేసిన లేఖ ఒక్క పేజీయే. సంస్థ పునర్వ్యవస్థీకరణలో భాగంగా అక్టోబరు 1 నుంచి మీరు ఫలానా వారికి బదులు ఫలానా వారికి రిపోర్ట్ చేస్తారని, మిగతా షరతులన్నీ యథాతథంగా ఉంటాయని అందులో ఉంటుంది. చాలామంది కొత్త పేరు చూసి, ఆయన ఎలాంటివారని పక్కసీటులో విచారించి, మెయిల్ మూసేస్తారు. ఆ లేఖలో నిజంగా చదవాల్సింది కొత్త బాస్ పేరు కాదు. ‘మిగతావన్నీ యథాతథం’ అన్నప్పుడు ఆ మిగతా ఏమిటో రాశారా లేదా అన్నది.

ఒక ఉదాహరణతో చూద్దాం. హైదరాబాద్ శివారులోని ఒక మందుల ఫ్యాక్టరీలో, క్వాలిటీ కంట్రోల్ ల్యాబ్‌లో సీనియర్ ఎగ్జిక్యూటివ్‌గా పనిచేస్తున్న ఒకామె ఉన్నారనుకుందాం. చేరింది 2021 జూన్‌లో. పని ముడిసరుకునూ, తయారైన మాత్రలనూ పరీక్షించి రిపోర్టు రాయడం. ఇన్నాళ్లూ ల్యాబ్ మేనేజరు ద్వారా ఫ్యాక్టరీ హెడ్ కింద ఉన్నారు. ఇప్పుడు కంపెనీ తన ఫ్యాక్టరీల్లోని ల్యాబ్‌లన్నిటినీ ఒక్కచోటికి చేర్చి, ప్రధాన కార్యాలయంలో ఉండే క్వాలిటీ హెడ్ కిందికి తెచ్చింది.

మందుల పరిశ్రమలో ఈ మార్పుకు బలమైన కారణమే ఉంది. నెలాఖరులో ఫ్యాక్టరీ హెడ్ మీద సరుకు పంపాల్సిన ఒత్తిడి ఉంటుంది. అదే సమయంలో ఒక బ్యాచ్ పరీక్షలో నిలవలేదనుకోండి. ల్యాబ్ ముందుగా తన వైపు పొరపాటు ఉందేమో వెతకాలి. ద్రావణం సరిగ్గా కలిపారా, పరికరం సరిగ్గా పనిచేసిందా, లెక్క తప్పిందా అని చూడాలి. పొరపాటేదీ కనబడకపోతే ఆ ఫలితాన్ని పక్కన పెట్టి, పాసయ్యేదాకా మళ్లీ మళ్లీ పరీక్షించే వీల్లేదు. ఆ మాట ధైర్యంగా చెప్పాల్సిన మనిషి ఇంక్రిమెంటు సరుకు పంపాల్సిన వ్యక్తి చేతిలోనే ఉంటే ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు. అందుకే మన ఔషధ నిబంధనల్లోని షెడ్యూల్ ఎం ఉత్పత్తి అధిపతీ క్వాలిటీ కంట్రోల్ అధిపతీ ఒకరి కింద ఒకరు కాకుండా స్వతంత్రంగా ఉండాలంటుంది. కాబట్టి మన ఉదాహరణలోని మార్పు సరైన దిశలోనిదే. పునర్వ్యవస్థీకరణ పేరుతో ల్యాబ్‌ను ప్రొడక్షన్ హెడ్ కిందికి తెస్తూ లేఖ వస్తే మాత్రం ప్రశ్నించాల్సిందే.

కారణం మంచిదే అయినా లేఖ కూడా బాగుండాలి కదా. ‘వ్యాపార అవసరాల రీత్యా’ అన్న ఒక్క మాటతో సరిపెట్టిన లేఖలు చాలా ఉన్నాయి. అలాంటి లేఖ అందుకున్న మనిషి మొదట అనుకునేది, తన పనిలో ఏదో లోపం కనిపెట్టారని. ల్యాబ్‌లన్నిటినీ ఒకే నాయకత్వం కిందికి తెచ్చామని, ఇది ఏ ఒక్కరి పనితీరుకూ సంబంధించింది కాదని రెండు వాక్యాలు రాస్తే ఆ అనుమానం అక్కడే తీరిపోతుంది. అసలు విషయం ఇలా ఉండవచ్చు:

“2025 అక్టోబరు 1 నుంచి మీరు కార్పొరేట్ క్వాలిటీ హెడ్‌కు రిపోర్ట్ చేస్తారు. మీ హోదా, గ్రేడు, జీతం, ఉద్యోగంలో చేరిన తేదీ, పనిచేసే చోటు, షిఫ్టు, మిగిలివున్న సెలవులు, ప్రావిడెంట్ ఫండ్, గ్రాట్యుటీ, నోటీసు కాలం మారవు. పని కేటాయింపు, పనితీరు మదింపు, శిక్షణ, ప్రమోషన్ సిఫారసు ఇకపై కొత్త మేనేజరు చూస్తారు. షిఫ్టు పట్టిక, రోజువారీ అనుమతులు, ఫ్యాక్టరీ భద్రతా నియమాలు ఫ్యాక్టరీ యాజమాన్యం కిందే ఉంటాయి. సెప్టెంబరు 30 లోపు మంజూరైన సెలవులు చెల్లుతాయి.”

మారనివాటిని పేరుపేరునా ఎందుకు రాయాలంటే, వాటిలో కొన్నిటికి విలువ చాలా ఏళ్ల తర్వాత తెలుస్తుంది. చేరిన తేదీనే చూడండి. పర్మనెంట్ ఉద్యోగి రాజీనామా చేసినప్పుడు గ్రాట్యుటీకి సాధారణంగా అయిదేళ్ల ఎడతెగని సర్వీసు కావాలి. మన ఉద్యోగినికి అది 2026 జూన్‌లో నిండుతుంది. కొత్త విభాగంలోకి వచ్చిన తేదీని పోర్టల్‌లో ఎవరో పొరపాటున చేరిన తేదీగా ఎక్కిస్తే ఆ లెక్క మళ్లీ మొదటికి వస్తుంది. అప్పుడు ఆమె చేతిలో ఉండే సాక్ష్యం నియామక పత్రం, దాంతోపాటు ఈ లేఖలోని ఆ ఒక్క మాట.

మారేవాటిలో ఎక్కువ గొడవలు తెచ్చేది పనితీరు మదింపు. మన కంపెనీల్లో చాలావాటి మదింపు సంవత్సరం ఏప్రిల్ నుంచి మార్చి. అక్టోబరులో బాస్ మారితే సరిగ్గా సగం ఏడాది పాత మనిషి చూసిన పని, మిగతా సగం కొత్త మనిషి చూడబోయే పని. పాత మేనేజరు తన అభిప్రాయాన్ని రాతలో పెట్టకుండా వెళ్లిపోతే మార్చిలో రేటింగ్ ఇచ్చే వ్యక్తికి మొదటి ఆరు నెలలు ఖాళీ కాగితమే. అది ఆయన తప్పు కాదు, చూడని పనికి మార్కులు ఎలా వేస్తారు? ఏప్రిల్, మే నెలల్లో కష్టపడినవాళ్లే ఇక్కడ ఎక్కువ నష్టపోతారు. కాబట్టి సెప్టెంబరు 30 వరకు చేసిన పనిపై ప్రస్తుత మేనేజరు ఫలానా తేదీలోగా అభిప్రాయం నమోదు చేస్తారని, తుది రేటింగ్‌లో దాన్ని లెక్కలోకి తీసుకుంటారని లేఖలోనే తేదీతో సహా ఉండాలి.

లక్ష్యాల సంగతి ఇంకాస్త చిక్కు. ఏప్రిల్‌లో ఫ్యాక్టరీ హెడ్ కింద ఆమెకు పెట్టిన లక్ష్యం, ముడిసరుకు శాంపిల్ వచ్చాక అయిదు రోజుల్లో ఫలితం ఇవ్వాలని అనుకుందాం. ఉత్పత్తి ఆగకూడదు గనుక ఆయనకు వేగం కావాలి. కార్పొరేట్ క్వాలిటీ హెడ్ చూసేది వేరు. నోట్‌బుక్‌లో కొట్టివేతలు ఎన్ని, ల్యాబ్ పొరపాట్ల వల్ల మళ్లీ చేయాల్సివచ్చిన పరీక్షలు ఎన్ని, ఆడిట్‌లో వచ్చిన అభ్యంతరాలు ఎన్ని అని ఆయన అడుగుతారు. ఆమె నవంబరులో నెమ్మదిగా, జాగ్రత్తగా పనిచేస్తే పాత లక్ష్యం దెబ్బతింటుంది. వేగంగా చేస్తే కొత్త బాస్‌కు నచ్చదు. లక్ష్యాలను తిరగరాసి, ఏ తేదీ నుంచి ఏవి వర్తిస్తాయో పోర్టల్‌లో మార్చకపోతే మార్చిలో ఆమెను తూచేది ఎవరూ ఆమెకు చెప్పని తూనికరాళ్లతో. కొత్త మేనేజరుతో మొదటి సమావేశంలో అడగాల్సిన మొదటి ప్రశ్న ఇదేనని నా అభిప్రాయం. మిగతా పరిచయాలు తర్వాతైనా జరుగుతాయి.

ఇద్దరు బాస్‌లున్న చోట గీత ఎక్కడుందో కూడా తెలియాలి. పనికి సంబంధించిన బాస్ నగరంలోని ఆఫీసులో కూర్చుంటే, ఫ్యాక్టరీ గేటు దగ్గర పర్మిషన్ స్లిప్పు మీద సంతకం పెట్టేందుకు ఆయన రాలేరు. అందుకే రోజువారీ విషయాలు ఫ్యాక్టరీలోనే ఉంచుతారు. అది సబబే. ఇబ్బంది ఎప్పుడంటే, ఇద్దరూ వేర్వేరు పనులు ఒకే రోజు ముగించమన్నప్పుడు. అప్పుడు ఎవరి మాట చెల్లుతుందో లేఖలో ఒక వాక్యం లేకపోతే ఆ భారం ఉద్యోగి నెత్తిన పడుతుంది.

ఇక చట్టం విషయానికి వస్తే, ఎవరు ఎవరికి రిపోర్ట్ చేయాలన్నది నిర్ణయించుకునే అధికారం మామూలుగా యాజమాన్యానిదే. దానికి ఉద్యోగి అంగీకారం అక్కర్లేదు. కానీ ఆ లేఖలోనే షిఫ్టు వేళలు, గ్రేడు వర్గీకరణ, జీతం, అలవెన్సుల వంటివి కూడా మారుతుంటే కథ వేరు. 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టంలోని 9ఏ సెక్షన్ ప్రకారం అలాంటి మార్పులకు కార్మికులకు 21 రోజుల ముందు నోటీసు ఇవ్వాల్సి ఉండేది. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్ కూడా 40వ సెక్షన్‌లో ఈ నియమాన్ని కొనసాగించింది. ‘నేను ఎగ్జిక్యూటివ్‌ను కదా, నాకు వర్తించదేమో’ అని అక్కడితో ఆగిపోనక్కర్లేదు. ఈ విషయంలో కోర్టులు చూసేది హోదా పేరు కాదు, ప్రధానంగా చేసే పని. రోజంతా బెంచ్ దగ్గర నిలబడి పరీక్షలు చేసే మనిషి పని సాంకేతికమైన పనే.

లేఖ పైనున్న కంపెనీ పేరునూ ఒకసారి చూడండి. పాత కంపెనీ పేరే ఉంటే ఇది రిపోర్టింగ్ మార్పు. కొత్త అనుబంధ సంస్థ పేరుంటే, జీతం స్లిప్పు కూడా ఆ పేరు మీదే రాబోతుంటే, మారింది బాస్ కాదు, యజమాని. అలాంటప్పుడు పాత సర్వీసు ఎడతెగకుండా కొనసాగుతుందని, షరతులు ఇదివరకటి కంటే తగ్గవని రాతపూర్వకంగా ఉండటం తప్పనిసరి. రిపోర్టింగ్ మార్పు అనే శీర్షిక కింద ఆ విషయాన్ని దాటించేస్తే అది పద్ధతి కాదు.

సంతకం పెట్టే దగ్గర కూడా కాస్త ఆగాలి. లేఖ నకలు మీద ‘అందుకున్నాను’ అని రాసి తేదీ వేయడం ఒకటి, ‘షరతులన్నీ అంగీకరిస్తున్నాను’ అన్న అచ్చు వాక్యం కింద సంతకం పెట్టడం మరొకటి. సందేహం ఉంటే అందుకున్నట్టు రాసిచ్చి, ఏ అంశం స్పష్టంగా లేదో అదే రోజు హెచ్ఆర్‌కు మెయిల్ చేయవచ్చు. దీన్ని ఎవరూ ధిక్కారంగా తీసుకోనక్కర్లేదు. మంచి హెచ్ఆర్ అధికారులు ఇలాంటి ప్రశ్నలకోసం లేఖ చివర ఒకరి పేరు, ఫోన్ నంబరు ఇస్తారు.

అక్టోబరు 1 దాటాక లేఖ ఒకటి చెప్పి, పోర్టల్ మరొకటి చూపడం మామూలు. మేనేజరు పేరు మార్చాల్సిన చోట మార్చడం మరచిపోతే దీపావళికి పెట్టిన సెలవు దరఖాస్తు పాత బాస్ ఇన్‌బాక్సులో పడివుంటుంది. ప్రయాణ ఖర్చుల బిల్లులదీ అదే గతి. మొదటి వారంలోనే ఒక రోజు సెలవు దరఖాస్తు తెరిచి, ఎవరి పేరుకు వెళ్తోందో చూసుకుంటే ఈ తప్పు బయటపడుతుంది. మందుల ఫ్యాక్టరీలో ఇంకో రికార్డు కూడా ఉంది. ల్యాబ్ గోడకున్న ఆర్గనోగ్రామ్, ఆమె ఫైల్లోని జాబ్ డిస్క్రిప్షన్, రిపోర్టుల మీద ఎవరు సంతకం పెట్టవచ్చో చూపే జాబితా కొత్త అమరికకు తగ్గట్టు మారాలి. ఆడిటర్లు వచ్చినప్పుడు వీటిని పక్కపక్కన పెట్టి చూస్తారు. పాత పటంలో ఒక బాస్, కొత్త లేఖలో మరో బాస్ ఉంటే రాసే అభ్యంతరం కంపెనీ మీదే అయినా, జవాబు చెప్పడానికి పిలిచేది ల్యాబ్‌లో ఉన్నవాళ్లనే.

చివరగా ఒక మాట. ఈ లేఖను, పాత మేనేజరు రాసిన అర్ధసంవత్సర అభిప్రాయాన్ని, మార్పుకు ముందు నెల జీతం స్లిప్పును, సెలవుల నిల్వ చూపే పేజీని కాగితం మీద తీసుకుని ఇంట్లో ఫైల్లో పెట్టుకోండి. కంపెనీ పోర్టల్ లాగిన్ ఉద్యోగం ముగిసిన రోజే మూసుకుపోతుంది.