టమాటా, ఆకుకూర: కోత నుంచి మండీ దాకా

కోసిన తర్వాత కూడా టమాటా, ఆకుకూర శ్వాసిస్తూనే ఉంటాయి. మొక్క నుంచి అందే నీరు, ఆహారం ఆగిపోతాయి కాబట్టి తమలో ఉన్న నిల్వనే ఖర్చు పెట్టుకుంటూ పోతాయి. వేడి పది డిగ్రీలు పెరిగితే ఆ ఖర్చు రెండు మూడు రెట్లవుతుంది. లూథియానాలోని ఐసీఏఆర్ సంస్థ సీఫెట్ 2015లో ఇచ్చిన నివేదిక ప్రకారం, దేశంలో కోతలోనూ ఆ తర్వాతా పోయే టమాటా సుమారు 12 శాతం. ఈ నష్టం తగ్గించే పనులు రెండు పంటలకూ ఒకటి కావు. టమాటాను దెబ్బ నుంచి, మితిమీరిన చలి నుంచి కాపాడాలి. ఆకుకూర విషయంలో ముందు నీరు పోకుండా చూడాలి.

టమాటా సంగతి కోత దశతోనే మొదలవుతుంది. మదనపల్లె మండీ నుంచి చెన్నైకి లారీలో ఒక రాత్రి ప్రయాణం. ఢిల్లీ వైపు వెళ్లే సరుకు రోజుల తరబడి దారిలోనే ఉంటుంది. దూరం వెళ్లే కాయ అడుగున లేత గులాబీ రంగు అప్పుడే తగులుతున్న పచ్చిదోర దశలో కోయాలి. దగ్గరి ఊళ్లకైతే సగం రంగు వచ్చిన దోరకాయ చాలు. పూర్తి పచ్చిగా ఉన్నప్పుడు ముదిరిందో లేదో పైరంగు చెప్పదు. అడ్డంగా కోస్తే లోపలి జిగురు పక్కకు జరిగి, గింజలు కత్తికి తెగకుండా తప్పుకోవాలి. గింజలు తెగాయంటే కాయ లేత. అది తర్వాత రంగు తిరిగినా రుచి రాదు.

కోతకు తెల్లవారి చల్లటి వేళ మంచిది. గట్టున ఎండలో పెట్టిన కాయ వేడి చుట్టూ ఉన్న గాలి వేడిని కూడా దాటుతుంది. కాబట్టి అన్నిటికన్నా చౌకైన శీతలీకరణ చెట్టు నీడే. ఆ తర్వాతే గది, ఫ్యాను, ఐసు.

సరుకును నిల్వకో రవాణాకో పంపే ముందే దాని లోపలి వేడిని త్వరగా లాగేయడాన్ని ముందస్తు శీతలీకరణ అంటారు. 36 డిగ్రీల టమాటాను 14 డిగ్రీల గదిలో పెట్టారనుకుందాం. తేడా 22 డిగ్రీలు. అది సగానికి తగ్గడానికి గంట పడితే కాయ 25 డిగ్రీలకు వస్తుంది. రెండో గంటకు 19.5, మూడో గంటకు 17 దగ్గరికి చేరుతుంది. ప్రతి గంటకూ మిగిలిన తేడాలో సగమే తగ్గుతుంది కనుక చివరి డిగ్రీల కోసం కాచుక్కూర్చోవడం దండగ. ఈ గంట లెక్క కుదరాలంటే చల్లగాలిని ట్రేల రంధ్రాల గుండా ఫ్యానుతో లాగాలి. ట్రేలను గదిలో ఊరికే పేర్చి వదిలేస్తే సగం తేడా పోవడానికే చాలా గంటలు పడుతుంది. రంధ్రాలకు అడ్డంగా కాగితం పరిచినా, ట్రేలను ఎడం లేకుండా గోడకు ఆనించి పేర్చినా గది చల్లగా ఉంటుందే గానీ కాయ చల్లబడదు. థర్మామీటరు గాలిలో కాదు, కాయలో గుచ్చి చూడాలి.

వేడి కాయను చల్లటి నీళ్లలో ముంచితే తొందరగా చల్లబడుతుంది కదా అని చాలామందికి తోస్తుంది. టమాటాకు అది ప్రమాదం. చల్లబడిన కాయలోని గాలి కుంచించుకుని, తొడిమ ఊడిన మచ్చ గుండా నీటిని లోపలికి లాక్కుంటుంది. నీటిలోని కుళ్ళు క్రిములూ దానితోపాటే చేరతాయి. రెండు మూడు రోజుల్లో తొడిమ చుట్టూ మెత్తబడి కారుతుంది. కడగక తప్పదంటే నీరు కాయకన్నా ఐదు డిగ్రీలు వెచ్చగా ఉండాలి, క్లోరిన్ కలిపి ఉండాలి, తరచూ మార్చాలి.

చలికీ హద్దుంది. పచ్చి, పచ్చిదోర కాయలను 12, 13 డిగ్రీల కన్నా దిగువన రోజుల తరబడి ఉంచితే చలిదెబ్బ తగులుతుంది. గదిలో ఉన్నంతసేపూ ఏమీ కనపడదు. బయటికి వచ్చాక రంగు మచ్చలు మచ్చలుగా తిరుగుతుంది, అక్కడక్కడ గుంటలు పడతాయి, నల్ల బూజు మచ్చలు త్వరగా పట్టుకుంటాయి. దీన్ని మండీలో రోగం అనుకోవడమూ, నేరం విత్తనం మీద వేయడమూ మామూలే. పండు మాత్రం మరికాస్త చలిని ఓర్చుకుంటుంది.

ఆకుకూరకు తేమే ప్రాణం. టమాటా తొక్కకు రంధ్రాలుండవు, నీరు ఎక్కువగా తొడిమ మచ్చ నుంచే పోతుంది. ఆకుకు రెండు వైపులా రంధ్రాలే, బరువుతో పోలిస్తే పరపు ఎక్కువ. పాలకూర తన బరువులో 3 శాతం నీరు పోగొట్టుకుంటే చాలు, వాడినట్టు కనిపిస్తుంది. కిలోకు 30 గ్రాములన్న మాట. 35 డిగ్రీల వద్ద 30 శాతం తేమ ఉన్న గాలి ఆకు నుంచి నీటిని లాగే బలం, 20 డిగ్రీల వద్ద 90 శాతం తేమ ఉన్న గాలి బలానికి 15 రెట్లకు పైనే. అందుకే ముందు చల్లబరచడం, ఆ తర్వాత తేమ నిలపడం.

పల్లెల్లో ఈ రెండూ ఒకేసారి చేసే కట్టడం ఒకటుంది. ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధన సంస్థ రూపొందించిన ఆ గదికి కరెంటు అక్కర్లేదు. రెండు ఇటుక గోడల మధ్య 7.5 సెంటీమీటర్ల ఖాళీ వదిలి ఇసుక నింపి, ఉదయం, సాయంత్రం తడుపుతారు. పైన తడిసిన గోనె పట్టా కప్పుతారు. సుమారు 100 కిలోల సరుకు పడుతుంది. ఎండాకాలం పొడిగాలిలో బయటికన్నా పదేసి డిగ్రీలు చల్లగా, తేమ 90 శాతం దగ్గరగా ఉంటుంది. రాయలసీమ, తెలంగాణ ఎండలకు ఇది సరిగ్గా కుదురుతుంది. వానాకాలంలో, సముద్ర తీరాన గాలే తడిగా ఉంటుంది కాబట్టి నీరు ఆవిరి కాదు, చల్లదనమూ రాదు. అలాంటిచోట ఐసుదే పని. 20 కిలోల కొత్తిమీరను 34 నుంచి 14 డిగ్రీలకు దించడానికి లెక్కప్రకారం ఐదు కిలోల ఐసు చాలు. బయటి నుంచి వచ్చే వేడిని కలుపుకుంటే రెట్టింపు పెట్టుకోవడం మేలు. బచ్చలి లాంటి ఉష్ణదేశపు ఆకు మాత్రం ఐసు చలికి నల్లబడుతుంది.

కట్టలను మురికి తొట్టిలో ముంచి, నీళ్లు కారుతుండగానే గట్టిగా బిగించి గోనెలో కుక్కడం నష్టానికి దగ్గరి దారి. మధ్యలో గాలి ఆడదు, ఆకుల శ్వాసతో పుట్టిన వేడి అక్కడే నిలిచిపోతుంది. మూట మధ్యలోకి చెయ్యి పెడితే వెచ్చగా తగిలిందంటే కుళ్ళు మొదలైనట్టే. శుభ్రమైన నీటిలో కడిగి, దులిపి, నీరు ఓడ్చి, వదులుగా కట్టాలి. చిల్లులున్న పాలిథిన్ సంచిలో పెడితే తేమ నిలుస్తుంది, మిగులు నీరూ బయటికి పోతుంది.

టమాటాకు నున్నటి అంచుల ప్లాస్టిక్ ట్రే మేలు. పుల్ల అంచుల గంప గీస్తుంది, పై బరువుకు వంగి కాయను నలిపేస్తుంది. ట్రేను అంచుకు రెండు వేళ్ల కిందికే నింపాలి. కాస్త ఎక్కువ పట్టించాలని ఒత్తి నింపితే పై ట్రే బరువంతా కాయల మీదే పడుతుంది. ఆ దెబ్బ తొక్క మీద కనపడకపోవచ్చు, కోస్తే లోపలి జిగురు మసకబారి ఉంటుంది. పొడుగు తొడిమలు పక్క కాయలను గుచ్చుతాయి కనుక తుంచేయాలి.

లారీలో టమాటా ట్రేల పక్కన ఆకుకూర ఎక్కించకూడదు. పండుతున్న టమాటా విడిచే ఎథిలీన్ వాయువుకు కొత్తిమీర, పాలకూర పసుపెక్కుతాయి. చల్లని గదిలోంచి తీసిన సరుకును ఒక్కసారిగా వేడిగాలిలోకి తెస్తే పైన నీటి చెమ్మ పడుతుంది. అది ఆరకముందే టార్పాలిన్ బిగిస్తే కింద బూజు పడుతుంది. కాసేపు నీడలో గాలి తగలనిచ్చి, తడి పోయాకే కప్పాలి.