దోమల మందు ఎక్కడికి పోతుంది? కాయిల్, మిషన్, క్రీము, స్టిక్కర్

పోయిన జూలైలో మా పిల్లలిద్దర్నీ తీసుకుని భీమవరంలో వాళ్ళ అమ్మమ్మగారింటికి వెళ్ళాం. భీమవరం చుట్టూ చేపల చెరువులు, వరిచేలు, కాలువలు. పైగా వానాకాలం. సాయంత్రం ఆరయ్యేసరికి దోమలు చెవుల దగ్గర జుయ్యిమని మొదలుపెట్టాయి.

మొదటి రాత్రి తాతయ్యగారు మనవల మీద ప్రేమకొద్దీ మంచం కింద కాయిల్ వెలిగించారు. అది చాలదని లిక్విడ్ మిషన్ కూడా ప్లగ్గులో పెట్టారు. ఏసీ వేసి, తలుపులూ కిటికీలూ బిగించేశారు. పొద్దున లేచేసరికి మా అమ్మాయికి కళ్ళు ఎర్రబడ్డాయి, గొంతు గరగరలాడుతోంది. మా చిన్నాడికి ఉబ్బసం ఉంది. వాడు ఒకటే దగ్గు. ఇన్‌హేలర్ తియ్యాల్సి వచ్చింది.

"ఒక్క దోమన్నా కుట్టిందా?" అని అడిగారు తాతయ్య.

"లేదు తాతయ్యా. కానీ దోమలతో పాటు మేమూ పడిపోయాం," అంది మా అమ్మాయి.

ఆ రోజు మేం ఇంట్లో ఉన్న డబ్బాలు, సీసాలు, ట్యూబులు అన్నీ బల్ల మీద పెట్టి, వెనకాల ఉన్న చిన్న అక్షరాలు చదివాం. మీరూ ఎప్పుడైనా అలా చదివి చూడండి. ముందువైపు పెద్ద బొమ్మ, పెద్ద పేరు ఉంటాయి. అసలు మందు పేరు మాత్రం వెనకాల, చీమల బారులాగా ఉంటుంది.

ఇక్కడ మందు అనే మాట గురించి ఒక్క ముక్క. తెలుగులో జ్వరానికి వేసుకునేదీ మందే, పురుగుల్ని చంపేదీ పురుగుల మందే. కాబట్టి "దోమల మందు" అనగానే అది మనకి మంచి చేసే మందు అనుకోకండి. దాని పని వేరు.

ముందు కాయిల్ సంగతి చూద్దాం. మా కాయిల్ డబ్బా మీద అసలు మందు 0.1 శాతం అని రాసి ఉంది. ఒక కాయిల్ బరువు సుమారు 12 గ్రాములు. లెక్క వేస్తే అందులో మందు 12 మిల్లీగ్రాములే! అంటే కాసిని పంచదార పలుకులంత. మరి మిగతాదంతా ఏంటి? చెక్కపొడి, కొబ్బరి చిప్పల పొడి, గంజిలాంటి జిగురు, కాస్త ఆకుపచ్చ రంగు. ఇవన్నీ నెమ్మదిగా కాలడానికి పెట్టినవి. నిప్పు చుట్టూ తిరుగుతూ ఏడెనిమిది గంటలు కాలుతుంది. ఆ వేడికి నిప్పుకి కొంచెం ముందున్న భాగంలోని మందు ఆవిరై గదిలోకి పోతుంది.

కాయిల్ చక్రంలా ఎందుకుంటుందో తెలుసా? జపాన్‌లో ఉయెయామా ఎయిచిరో అనే ఆయన 1890 ప్రాంతంలో చామంతి జాతికి చెందిన ఒక పువ్వు పొడితో దోమల పుల్లలు చేశాడు. అవి అగరబత్తుల్లా ఉండేవి, తొందరగా కాలిపోయేవి. పుల్లని చుట్టగా చుడితే పొడుగు పెరుగుతుంది కదా అన్న ఆలోచన ఆయన భార్య యుకిది. ఆ పువ్వులో దోమల్ని పడగొట్టే పదార్థం ఉంది. ఇప్పటి కాయిల్స్‌లో పువ్వు పొడికి బదులు, ఆ పదార్థం నమూనాలో ఫ్యాక్టరీలో తయారుచేసిన మందులు వాడుతున్నారు. వాటి పేర్లు చూడండి: అలెథ్రిన్, ప్రాలెథ్రిన్, ట్రాన్స్‌ఫ్లూథ్రిన్, మెపర్‌ఫ్లూథ్రిన్. అన్నిటి చివరా "థ్రిన్" ఉంది, గమనించారా? అన్నీ ఒకే కుటుంబం. ఇవి దోమ నరాలని తికమక పెడతాయి. దోమ తూలిపోయి కింద పడుతుంది. మన శరీరం పెద్దది, పైగా ఈ మందుని చాలావరకు త్వరగా విరగ్గొట్టి బయటికి పంపేస్తుంది. అందుకే అంత కొంచెం మందుకి మనం దోమలా పడిపోం. కానీ తుమ్ములు, కళ్ళ మంట, తలనొప్పి కొంతమందికి వస్తాయి.

కాయిల్‌తో పెద్ద గొడవ ఆ కొంచెం మందు కాదు, పొగ. చైనాలోనూ మలేషియాలోనూ దొరికే కాయిల్స్‌ని కాల్చి కొలిచిన ఒక పరిశోధన 2003లో అచ్చయింది. ఒక్క కాయిల్ పూర్తిగా కాలితే వచ్చే సన్నని పొగ నలుసులు 75 నుంచి 137 సిగరెట్లు కాలిస్తే వచ్చేటంత ఉన్నాయని అందులో తేలింది. ఆ నలుసులు ఎంత సన్నవంటే ఊపిరితిత్తుల లోపలి దాకా వెళ్ళిపోతాయి. ఇప్పుడు మా గది గుర్తు చేసుకోండి. గోడకి బిగించే మామూలు ఏసీ బయట గాలిని లోపలికి తీసుకురాదు. గదిలో ఉన్న గాలినే మళ్ళీ మళ్ళీ చల్లబరుస్తుంది. అంటే మా పిల్లలు రాత్రంతా అదే పొగ పీల్చారు, చల్లగా!

కాబట్టి కాయిల్ అరుగు మీదా, పెరట్లో, వరండాలోనే. కింద రేకు స్టాండు ఉండాలి. దుప్పటి, కాగితం, చీర కొంగు దగ్గర్లో ఉండకూడదు. పడకగదిలో వద్దే వద్దు.

లిక్విడ్ మిషన్‌లో ఏదీ కాలదు, అందుకే పొగ రాదు. సీసాలోంచి ఒక పుల్ల పైకి ఉంటుంది. దీపంలో వత్తి నూనె పీల్చినట్టు ఆ పుల్ల ద్రవాన్ని పైకి పీలుస్తుంది. పైనున్న చిన్న రింగు వేడెక్కి దాన్ని ఆవిరి చేస్తుంది. మా సీసా వెనకాల చదివితే ఏముందో తెలుసా? ట్రాన్స్‌ఫ్లూథ్రిన్! మళ్ళీ థ్రిన్. తాతయ్య రెండు రకాల మందులు పెట్టాననుకున్నారు, నిజానికి ఒకే కుటుంబం మందు రెండింతలు పెట్టారు.

పొగ లేదు కదా అని మిషన్ని రాత్రంతా మూసిన గదిలో ఉంచడం కూడా మంచిది కాదు. మందు గాలిలో పేరుకుంటుంది. కిటికీకి జాలీ ఉంటే పని తేలిక. జాలీలోంచి గాలి వస్తుంది, దోమ రాదు. పడుకునే ముందు ఒక గంట మిషన్ వేసి, తర్వాత ఆపేసి, జాలీ కిటికీ తీసి పడుకోవచ్చు. మిషన్ని మంచానికి దూరంగా పెట్టాలి. ఇంట్లో చేపల తొట్టి ఉంటే ఆ గదిలో అసలు పెట్టొద్దు, ఎందుకంటే థ్రిన్‌లు చేపలకి విషం. ఇంకొక్క మాట. ఆ సీసాలో మందు కలిపేది చాలావరకు కిరసనాయిల్ లాంటి ద్రవంలోనే. చిన్నపిల్లలు పొరపాటున తాగితే అది ఊపిరితిత్తుల్లోకి పోయి ప్రమాదం అవుతుంది. అప్పుడు వాంతి చేయించకూడదు. సీసా చేత్తో పట్టుకుని వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి.

క్రీము దారి వేరు. కాయిల్, మిషన్ గది గాలిని మారుస్తాయి. క్రీము మన చర్మం మీదే ఉంటుంది. కుట్టేది ఆడదోమ. అది మన ఊపిరిలోంచి వచ్చే కార్బన్ డయాక్సైడ్, చెమట వాసన, ఒంటి వేడి పట్టుకుని వెతుక్కుంటూ వస్తుంది. క్రీము దోమని చంపదు. దగ్గరకొచ్చిన దోమకి మన చర్మం మీద వాలాలనిపించకుండా చేస్తుంది. ఇండియాలో దొరికే చాలా క్రీముల్లో డైఇథైల్ బెంజమైడ్ ఉంటుంది. అమెరికాలో డీట్ గాని, పికారిడిన్ గాని ఎక్కువ. డీట్‌ని అమెరికా సైన్యం కోసం 1946లో తయారుచేశారు. దాని మీద రాసే శాతం "ఎంత గట్టిది" అని కాదు, "ఎంతసేపు పనిచేస్తుంది" అని చెబుతుంది. 10 శాతం అయితే సుమారు రెండు గంటలు, 30 శాతం అయితే సుమారు ఐదు గంటలు. పిల్లలకి 30 శాతం దాటకూడదని అమెరికా పిల్లల డాక్టర్లు చెబుతారు. రెండు నెలల్లోపు పాపాయిలకి ఏ క్రీమూ రాయరు, వాళ్ళకి దోమతెరే.

రాయడంలో కూడా పద్ధతి ఉంది. పెద్దవాళ్ళు ముందు తమ అరచేతిలో వేసుకుని పిల్లలకి రాయాలి. బట్టలు కప్పని చోట మాత్రమే రాయాలి. రాయని చోట దోమ హాయిగా కుడుతుంది. మా అమ్మాయి మోకాళ్ళ వరకు రాసి పాదాలు మర్చిపోయింది. సాయంత్రానికి పాదాల మీదే ఆరు దద్దుర్లు! పిల్లల అరచేతులకి మాత్రం రాయకూడదు. మనం చేత్తో అన్నం కలుపుకుని తింటాం కదా. సన్‌స్క్రీన్ వాడితే అది ముందు, దోమల క్రీము తర్వాత. పడుకునే ముందు సబ్బుతో కడిగెయ్యాలి. డీట్ ప్లాస్టిక్‌ని పాడుచేస్తుంది కాబట్టి కళ్ళజోడు, వాచీ జాగ్రత్త.

క్రీము ఎందుకంత ముఖ్యమంటే, డెంగీ తెచ్చే దోమ ఎక్కువగా పగలే కుడుతుంది. పొద్దున కాసేపు, సాయంత్రం చీకటి పడే ముందు కాసేపు మరీ ఎక్కువ. రాత్రి మిషన్ వేసి, పగలు నిక్కరుతో పెరట్లో ఆడితే సగం పనే చేసినట్టు.

ఇక స్టిక్కర్లు, చేతి పట్టీలు. రంగురంగుల బొమ్మలతో ముద్దుగా ఉంటాయి. వీటిలో ఎక్కువగా ఉండేది నిమ్మగడ్డి జాతి నూనె, నీలగిరి తైలం లాంటివి. చొక్కాకి ఒకటి అంటిస్తే ఆ వాసన చొక్కా దగ్గరే ఉంటుంది, కాళ్ళ దాకా రాదు. 2017లో న్యూ మెక్సికో స్టేట్ యూనివర్సిటీ వాళ్ళు డెంగీ దోమ మీద పరీక్షించి చూస్తే చేతి పట్టీలు దోమల్ని ఆపలేకపోయాయి. నాకైతే స్టిక్కర్ మీద కోపం ఏమీ లేదు. పిల్లలు అది అంటించుకుని "నాకింక క్రీము వద్దు" అంటారే, అదే ఇబ్బంది.

రెండో రోజు రాత్రి మేం ఏం చేశామంటే, కాయిల్ వరండాకి వెళ్ళింది. గదిలో మిషన్ గంటసేపు వేసి ఆపేశాం. ఆ గది కిటికీకి జాలీ లేదు. "ఇప్పుడు కిటికీ తీస్తే దోమలు రావూ?" అంది అమ్మమ్మ. అంతలోనే తనే గుర్తు చేసుకుని, "ఒరేయ్, అటక మీద పాత దోమతెర ఉండాలి చూడండి," అంది. దులిపితే నాలుగు చిల్లులు కనిపించాయి. అమ్మమ్మ కళ్ళజోడు పెట్టుకుని కుట్టింది. మా అమ్మాయి సూదిలోకి దారం ఎక్కించింది. మంచానికి కట్టి, అంచులు పరుపు కిందకి దోపాం. కిటికీ తీసి, ఫ్యాన్ వేశాం.

పొద్దున చూస్తే తెర బయట పదకొండు దోమలు వాలి ఉన్నాయి. లోపల ఒకటి మాత్రం ఎర్రగా, లావుగా కూర్చుంది. చిన్నాడు రాత్రి మంచినీళ్ళకి లేచి తెర సరిగ్గా దొపలేదట. వాడి మోచేతి మీద దద్దురు ఉంది, దగ్గు మాత్రం లేదు.