గురి దొరికాకే మందు

1948లో బోస్టన్ వైద్యుడు సిడ్నీ ఫార్బర్ ఒక నివేదిక ప్రచురించారు. తీవ్రమైన లుకేమియా ఉన్న 16 మంది పిల్లలకు అమినోప్టెరిన్ అనే మందు ఇస్తే, 10 మందికి కొంతకాలం గుణం కనిపించింది. అంతకుముందు ఆ జబ్బుకు మందన్నదే లేదు. అమినోప్టెరిన్ తయారైంది లెడర్లీ కంపెనీ ప్రయోగశాలలో, అక్కడి పరిశోధనలకు నాయకత్వం వహించింది భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. కణం తన డీఎన్‌ఏకు నకలు తీసుకోవాలంటే ఫోలిక్ యాసిడ్ కావాలి, ఈ మందు దానికి అడ్డుపడుతుంది. దీని దగ్గరి బంధువైన మెథోట్రెక్సేట్‌ను క్యాన్సర్ వైద్యులు నేటికీ వాడుతున్నారు.

కీమోథెరపీ అని మనం పిలిచే పాత మందుల్లో చాలావాటి కిటుకు ఇదే. అవి క్యాన్సర్ కణాన్ని ప్రత్యేకంగా గుర్తుపట్టవు. వేగంగా విభజన చెందే ఏ కణాన్నయినా దెబ్బతీస్తాయి. వెంట్రుకల కుదుళ్లు, నోటి లోపలి పొర, పేగుల పొర, ఎముక మజ్జ కూడా అలా వేగంగా విభజన చెందేవే. అందుకే జుట్టు రాలుతుంది, నోరు పూస్తుంది, విరేచనాలవుతాయి. చాలా మందులతో, ఎక్కించిన పది రోజుల నుంచి రెండు వారాల మధ్య తెల్లకణాలు బాగా పడిపోతాయి. ఆ రోజుల్లో 100.4 డిగ్రీల జ్వరం వచ్చినా సరే, తెల్లారేదాకా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లాలి.

క్యాన్సర్ కణానికే ప్రత్యేకమైన లోపం ఏమిటో తెలిస్తే దాన్నే కొట్టవచ్చు కదా అన్న ఆలోచన ముందుగా గట్టిగా ఫలించింది క్రానిక్ మైలాయిడ్ లుకేమియాలో. సీఎంఎల్ అంటారు. 1960లో ఫిలడెల్ఫియాలో పీటర్ నోవెల్, డేవిడ్ హంగర్‌ఫర్డ్ ఈ రోగుల కణాల్లో మరీ పొట్టిగా ఉన్న ఒక క్రోమోజోమ్‌ను చూశారు. అది ఎందుకలా ఉందో 1973లో షికాగోలో జానెట్ రౌలీ తేల్చారు. 9వ, 22వ క్రోమోజోములు విరిగి, ముక్కలు ఒకదానితో ఒకటి మార్చుకున్నాయి. అలా అతుక్కున్న చోట బీసీఆర్-ఏబీఎల్ అనే కొత్త జన్యువు పుట్టింది. అది తయారుచేసే ప్రొటీన్ ఒక కైనేజ్, అంటే ఏటీపీ అణువు నుంచి ఫాస్ఫేట్ తీసి ఇతర ప్రొటీన్లకు తగిలించి, వాటిని పనికి పురమాయించే ఎంజైమ్. మామూలు కైనేజ్ అవసరమైనప్పుడు పనిచేసి ఆగిపోతుంది. ఇది మాత్రం స్టార్టర్ ఇరుక్కుపోయిన బోరు మోటారులా ఆగకుండా నడుస్తూనే ఉంటుంది. తెల్లకణాలు పుట్టుకొస్తూనే ఉంటాయి.

ఇమాటినిబ్ ఆ ఎంజైమ్‌లో ఏటీపీ కూర్చునే గుంటలో తాను కూర్చుంటుంది. ఫాస్ఫేట్ అందక ఎంజైమ్ నిలిచిపోతుంది. స్విట్జర్లాండ్ కంపెనీలో నికొలస్ లైడన్ బృందం తయారుచేసిన ఈ మందును ఒరెగాన్ వైద్యుడు బ్రయాన్ డ్రూకర్ 1998లో రోగులకు ఇవ్వడం మొదలుపెట్టారు. ఇంటర్‌ఫెరాన్‌తో ఫలితం దక్కనివాళ్లు వాళ్లు. రోజుకు 300 మిల్లీగ్రాములు, అంతకుమించి తీసుకున్న 54 మందిలో 53 మందికి రక్తకణాల లెక్క పూర్తిగా మామూలైంది. క్యాన్సర్ మందుల తొలి పరీక్షల్లో ఇలాంటి ఫలితం చాలా అరుదు. 2001 మే నెలలో అమెరికా అనుమతి వచ్చింది.

ఈ మందుతో రోగి ప్రయాణం ఎలా సాగుతుందో చూద్దాం. నలభై ఏళ్ల మనిషి అనుకోండి. ఎడమ డొక్కలో బరువుగా ఉంటుంది, నాలుగు ముద్దలు తింటేనే కడుపు నిండిపోతుంది. ప్లీహం వాచిందన్నమాట. రక్తపరీక్షలో తెల్లకణాలు లక్షన్నర ఉన్నాయి, ఉండాల్సింది 11 వేల లోపు. బీసీఆర్-ఏబీఎల్ ఉందని పరీక్షలో తేలాకే మందు మొదలవుతుంది. రోజుకు 400 మిల్లీగ్రాములు, భోజనం చేశాక, గ్లాసు నిండా నీళ్లతో. కొన్ని వారాల్లో లెక్క దిగివస్తుంది. ఒళ్లు తేలికపడుతుంది.

ప్రమాదం మొదలయ్యేది సరిగ్గా ఇక్కడే. బాగైపోయిందనుకుని మాత్రలు మానేసేవాళ్లుంటారు. మామూలు రక్తపరీక్షకు కనిపించని జబ్బు పీసీఆర్ పరీక్షకు కనిపిస్తుంది. అందులో బీసీఆర్-ఏబీఎల్ మూడు నెలలకు 10 శాతానికి, ఆరు నెలలకు 1 శాతానికి, ఏడాదికి 0.1 శాతానికి దిగాలి. దిగకపోతే వైద్యుడు అడిగే మొదటి ప్రశ్న: మాత్ర రోజూ వేసుకుంటున్నారా? రెండోది: ఇంకేం మందులు వాడుతున్నారు? క్షయకు వాడే రిఫాంపిసిన్ వల్ల కాలేయం ఇమాటినిబ్‌ను త్వరగా విరగ్గొట్టేస్తుంది, రక్తంలో మందు చాలకుండా పోతుంది. ఈ రెండూ కాకపోతే ఆ ఎంజైమే రూపు మార్చుకుని ఉండొచ్చు. 315వ స్థానంలో ఒక్క అమైనో ఆమ్లం మారితే చాలు, ఇమాటినిబ్‌కు అక్కడ పట్టు దొరకదు. డాసటినిబ్, నిలోటినిబ్ చాలా మార్పుల మీద పనిచేస్తాయిగానీ దీని మీద పనిచేయవు. పొనాటినిబ్ పనిచేస్తుంది.

దుష్ఫలితాలు ఇందులోనూ ఉన్నాయి, కాకపోతే వేరే రకం. కళ్ల చుట్టూ ఉబ్బు, కండరాలు పట్టేయడం, కొందరికి చర్మం రంగు తేలడం. గర్భిణులు వాడకూడదు.

మనదేశంలో దీన్ని రోగికి అందేలా చేసిన పోరాటంలో హైదరాబాద్ పాత్ర చిన్నది కాదు. నోవార్టిస్ మందుకు నెలకు సుమారు లక్షా ఇరవై వేలు అవుతున్న రోజుల్లో, నాట్కో వంటి కంపెనీల జనరిక్ పదివేల లోపే దొరికేది. మందు స్ఫటిక రూపం మీద నోవార్టిస్ కోరిన పేటెంట్‌ను 2013 ఏప్రిల్ 1న సుప్రీంకోర్టు తిరస్కరించడంతో ఆ మాత్రలు అందుబాటులోనే ఉన్నాయి.

మోనోక్లోనల్ యాంటీబాడీల దారి వేరు. ఇమాటినిబ్ చిన్న అణువు, కణం లోపలికి దూరగలదు. యాంటీబాడీ దానికి దాదాపు మూడు వందల రెట్లు బరువైన ప్రొటీన్. మింగితే కడుపులోనే అరిగిపోతుంది కాబట్టి సూదితోనే ఇవ్వాలి. కణం లోపలికి చొరబడకుండా, పైపొర మీద కనిపించే గుర్తును పట్టుకుంటుంది. రొమ్ము క్యాన్సర్లలో సుమారు ఐదింట ఒక దానిలో కణాల మీద హెర్2 అనే ప్రొటీన్ విపరీతంగా ఉంటుంది. 1998లో వచ్చిన ట్రాస్టుజుమాబ్ దాన్ని పట్టుకుని పెరుగుదల సంకేతాలను అడ్డుకుంటుంది, ఆ కణం మీదికి రోగనిరోధక కణాలనూ పిలుస్తుంది. బయాప్సీ నివేదికలో హెర్2 ‘3+’ అని ఉంటే ఈ మందు పనికొస్తుంది. ‘2+’ అయితే ఫిష్ అనే జన్యు పరీక్షతో తేల్చుకోవాలి. దీనితో జుట్టు రాలదుగానీ గుండె బలం తగ్గవచ్చు. అందుకే వాడినంత కాలం దాదాపు మూడు నెలలకోసారి ఎకో తీస్తారు. తొలిదశ జబ్బులో సాధారణంగా దీన్ని పాత కీమో మందులతో కలిపే మొదలుపెడతారు, ఎందుకంటే రెండూ కలిస్తేనే ఫలితం బలంగా ఉంటుంది.

గురి లేనిచోట కొత్త మందు పాతదానికన్నా అధ్వానం కావచ్చు. 2009లో వెలువడిన ఐపాస్ అధ్యయనం దీన్ని కళ్లకు కట్టింది. తూర్పు ఆసియాలో 1,217 మంది ఊపిరితిత్తుల క్యాన్సర్ రోగులకు, సగం మందికి జెఫిటినిబ్ అనే కైనేజ్ నిరోధకం, మిగతావారికి కార్బోప్లాటిన్, పాక్లిటాక్సెల్ కీమో ఇచ్చారు. ఈజీఎఫ్ఆర్ జన్యువులో మార్పు ఉన్నవాళ్లలో జెఫిటినిబ్ జబ్బును ఎక్కువ కాలం అదుపులో ఉంచింది. మార్పు లేనివాళ్లలో మాత్రం జెఫిటినిబ్ తీసుకున్నవారి జబ్బు త్వరగా ముదిరింది, కీమోయే మేలని తేలింది. వాళ్లలో చాలామంది పొగతాగని వాళ్లే, సూక్ష్మదర్శిని కింద వాళ్ల జబ్బు ఒకే రకంగా కనిపించింది. తేడా పట్టించింది జన్యు పరీక్ష.

అందువల్ల ఈ రకం ఊపిరితిత్తుల క్యాన్సర్‌లో బయాప్సీ ముక్కను ఈజీఎఫ్ఆర్ పరీక్షకు పంపి, ఫలితం చూశాకే మాత్రలా కీమోనా అన్నది నిర్ణయిస్తారు. ముక్క చాలకపోతే రక్తంలో తేలియాడే క్యాన్సర్ డీఎన్‌ఏను వెతుకుతారు. అది దొరకలేదంటే మార్పు లేదని అర్థం కాదు, మళ్లీ బయాప్సీ అవసరం కావచ్చు. ఊపిరాడక, ఆగే వ్యవధి లేని రోగికి వైద్యులు ముందు కీమో మొదలుపెట్టి, ఫలితం వచ్చాక మందు మారుస్తారు.