రిబ్బన్లు అమ్మిన తల్లి, పౌరసత్వం కోల్పోయిన కొడుకు

ప్రాచీన ఏథెన్స్ ప్రజాస్వామ్యాన్ని తరగతిలో బోధించేటప్పుడు నేను పెరిక్లీస్ కీర్తితో మొదలుపెట్టను. యూక్సిథియస్ అనే సామాన్యుడి దావాతో మొదలుపెడతాను.

క్రీ.పూ. 451లో పెరిక్లీస్ ప్రతిపాదించిన చట్టం ప్రకారం, తల్లిదండ్రులిద్దరూ ఏథెన్స్ పౌర కుటుంబాలవారైతేనే బిడ్డ పౌరుడు. అంతకుముందు తండ్రి ఒక్కడు పౌరుడైతే సరిపోయేది. పద్దెనిమిదేళ్ళు నిండిన యువకుణ్ణి అతని ‘డీమ్’, అంటే స్థానిక సంఘం, ఓటు వేసి తన జాబితాలో చేర్చుకునేది. ఆ జాబితాకెక్కినవాడే పౌరసభలో చేయెత్తి ఓటు వేయగలడు. స్త్రీకి ఆ ఓటు లేదు. కానీ కొడుకు హక్కుకు ఆమె పుట్టుకే సాక్ష్యం. ‘మెటిక్’లనే స్థిరనివాస పరదేశీయులు పన్ను కట్టారు, సైన్యంలో పోరాడారు. అయినా తరతరాలుగా బయటివారిగానే మిగిలారు. బానిసలైతే లెక్కలోకే రాలేదు.

క్రీ.పూ. 346 ప్రాంతంలో ఈ జాబితాలన్నింటినీ మళ్ళీ వడపోయాలని నగరం నిర్ణయించింది. హలిమస్ అనే డీమ్ యూక్సిథియస్ పేరు కొట్టివేసింది. న్యాయస్థానంలో అతడు వినిపించిన వాదన డెమొస్తనీస్ ప్రసంగాలలో మనకు దక్కింది. అతని కథనం ప్రకారం, ఆ ఉదయం ఓటింగుకు డెబ్బై ముగ్గురు వచ్చారు. అతనితో వైరమున్న అధికారి యూబులిడీస్ ఉపన్యాసాలతో పొద్దుపుచ్చి, అతని పేరును చీకటి పడ్డాక చివరగా పిలిచాడు. అప్పటికి మిగిలినవారు ముప్ఫై మందికి మించలేదు. పాత్రలో తేలిన ఓట్లు మాత్రం అరవైకి పైనే!

అతనిపై మోపిన ఆరోపణలేమిటి? తండ్రి పరదేశి యాసలో మాట్లాడతాడు. తల్లి సంతలో రిబ్బన్లు అమ్మింది, పరాయి బిడ్డకు పాలిచ్చే దాదిగా పనిచేసింది. అతని జవాబు సూటిగా ఉంది: తండ్రి యుద్ధఖైదీగా అమ్ముడుపోయి పరదేశంలో చాలాకాలం గడిపాడు, తల్లి చేత ఆ పనులు చేయించింది పేదరికం. సంతలో చేసే పనిని బట్టి పౌరుణ్ణి నిందించరాదని చట్టమే చెబుతోందని కూడా గుర్తుచేశాడు. ఓడితే అతణ్ణి బానిసగా అమ్మేస్తారు. తీర్పు ఏమైందో చరిత్రలో నమోదు కాలేదు.

నన్ను వెంటాడేది ఆ వాదనలోని ఒక పరిమితి. పుట్టుకతో నిమిత్తం లేకుండా హక్కు ఉండాలని యూక్సిథియస్ అనలేదు. తమవారు పేదలే గానీ పరాయివారు కారని నిరూపించడానికి బంధువులను వరుసగా సాక్షులుగా నిలబెట్టాడు. గోడ అన్యాయమని కాదు, తాను గోడకు లోపలివాణ్ణేనని అతని మొర. చట్టం పుట్టుకను అడిగింది. పొరుగువారు వృత్తిని చూసి పుట్టుకను నిర్ణయించారు. కులం పనితీరు తెలిసిన మనకు ఈ తర్కం కొత్త కాదు. వంశం అర్హతైన చోట, బాధితుడు సైతం న్యాయం కోసం తన వంశాన్నే చూపవలసి వస్తుంది. అతని వెనుక నిలిచిన మెటిక్‌కు, బానిసకు చూపడానికి అదీ లేదు.