ముట్లుడిగాక హార్మోన్లు వాడొచ్చా? ఎముకల సంగతేంటి?

నలభై అయిదు దాటిన స్త్రీలు చాలామంది ఓపీకి వేరే కారణం చెబుతూ వస్తుంటారు. నిద్ర పట్టటం లేదని, గుండె దడగా ఉంటోందని, ఊరికే చిరాకు వస్తోందని అంటారు. నెలసరి గురించి అడిగితేగానీ అసలు విషయం బయటపడదు. అప్పుడు హార్మోన్‌ చికిత్స మాట ఎత్తగానే ఎదురయ్యే మొదటి ప్రశ్న ‘క్యాన్సర్‌ వస్తుందటగా డాక్టర్‌ గారూ?’ అనే. ఇది అడగాల్సిన ప్రశ్నే. కాకపోతే దీనికి అందరికీ ఒకటే జవాబు లేదు. మీ వయసెంత, నెలసరి ఆగి ఎన్నేళ్లయింది, గర్భసంచి ఉందా లేదా అన్నదాన్ని బట్టి జవాబు మారిపోతుంది.

ముట్లుడిగినట్టు ఎలా తెలుస్తుంది?

వరసగా 12 నెలల పాటు నెలసరి రాకపోతే ముట్లుడిగినట్టు లెక్క. మన దేశంలో ఇది సగటున 46-47 ఏళ్లకే వస్తుంది. నలభై అయిదు దాటినవారికి దీన్ని నిర్ధారించుకోవటానికి హార్మోన్‌ రక్తపరీక్షలు అక్కర్లేదు. ఈ దశలో ఆ అంకెలు ఇవాళ ఒకలా, వచ్చే నెల మరోలా ఉంటాయి కాబట్టి వాటితో ఒరిగేదేమీ ఉండదు. థైరాయిడ్‌ పరీక్ష మాత్రం ఒకసారి చేయించుకోవాలి. ఎందుకంటే థైరాయిడ్‌ ఎక్కువైనా చెమటలు, దడ, నిద్రలేమి ఇలాగే ఉంటాయి.

ఆవిర్లు ఎందుకొస్తాయి? ఒంటి వేడిని అదుపు చేసే కేంద్రం మెదడులో ఉంటుంది. ఈస్ట్రోజెన్‌ తగ్గినప్పుడు అది అతిగా స్పందిస్తుంది. ఒంట్లో వేడి కాస్త పెరిగినా ఎండలో నిలబడ్డట్టే భావించి రక్తనాళాలను విప్పార్చి చెమటలు పట్టిస్తుంది. ఛాతీ నుంచి మెడకు, మొహానికి వేడి ఎగదన్ని, కొద్ది నిమిషాల్లో తగ్గి, ఆ తర్వాత వణుకు వస్తుంది. ఏడాదిలో పోతాయిలే అని చాలామంది ఓర్చుకుంటారు గానీ ఇవి సగటున ఏడేళ్ల వరకూ ఉండొచ్చు.

భయం ఎక్కడ మొదలైంది?

క్యాన్సర్‌ భయానికి మూలం అమెరికాలో జరిగిన ‘విమెన్స్‌ హెల్త్‌ ఇనిషియేటివ్‌’ అధ్యయనం. ఈస్ట్రోజెన్‌, ప్రొజెస్టిన్‌ కలిపి ఇచ్చిన విభాగాన్ని 2002లో మధ్యలోనే ఆపేశారు. రొమ్ముక్యాన్సర్‌, పక్షవాతం, గుండెపోటు, రక్తం గడ్డలు పెరిగాయన్న వార్త ప్రపంచమంతా పాకింది. ఎంత పెరిగాయన్నది మాత్రం అంతగా పాకలేదు. ఏడాదిలో 10,000 మంది స్త్రీలను తీసుకుంటే మందు వాడనివారిలో 30 మందికి రొమ్ముక్యాన్సర్‌ వస్తే, వాడినవారిలో 38 మందికి వచ్చింది. అదే సమయంలో తుంటి ఎముక విరగటం 15 నుంచి 10కి తగ్గింది.

ఇక్కడ గమనించాల్సిన మరో విషయం ఉంది. అందులో పాల్గొన్నవారి సగటు వయసు 63. అంటే ఎక్కువమందికి ముట్లుడిగి పదేళ్లు దాటిపోయింది. ఆపాటికి రక్తనాళాల్లో పూడికలు మొదలై ఉండే వయసు కాబట్టి అప్పుడు కొత్తగా ఈస్ట్రోజెన్‌ ఇస్తే చేటు ఎక్కువ. తర్వాత ఆ సమాచారాన్నే వయసుల వారీగా విడదీసి చూసినప్పుడు, అరవై లోపు గానీ ముట్లుడిగిన పదేళ్ల లోపు గానీ మొదలుపెట్టినవారిలో నష్టం కన్నా మేలే ఎక్కువని తేలింది. ఇప్పుడు వైద్యులు పాటిస్తున్నది ఈ గీతనే.

ఇద్దరు అక్కచెల్లెళ్లు

దీన్ని ఒక ఉదాహరణతో చూద్దాం. చెల్లెలికి 51 ఏళ్లు, టీచర్‌. చివరి నెలసరి 14 నెలల కిందట. రోజుకు ఎనిమిది, పది సార్లు ఆవిర్లు. రాత్రి మూడుసార్లు జాకెట్టు తడిసిపోయి లేస్తారు. బడిలో పాఠం మధ్యలో మాట మరచిపోతున్నానని ఆమె బాధ. గర్భసంచి ఉంది. బీపీ, షుగర్‌ మామూలుగానే ఉన్నాయి. ఇంట్లో ఎవరికీ రొమ్ముక్యాన్సర్‌ లేదు. కాళ్లలో రక్తం గడ్డకట్టటం, పక్షవాతం వంటివి ఎప్పుడూ రాలేదు. మామోగ్రామ్‌ చేయిస్తే బాగానే ఉంది.

ఈమెకు హార్మోన్‌ చికిత్స ఇవ్వొచ్చు. మాత్ర బదులు చర్మం మీద రాసుకునే ఎస్ట్రడయాల్‌ జెల్‌ ఎంచుకుంటే మంచిది. మింగిన ఈస్ట్రోజెన్‌ ముందు కాలేయానికి వెళ్లి అక్కడ రక్తం గడ్డకట్టించే పదార్థాలను పెంచుతుంది. చర్మం ద్వారా వెళ్లేదానితో ఆ చిక్కు లేదు. గర్భసంచి ఉంది కాబట్టి జెల్‌తో పాటు రోజూ పడుకునే ముందు 100 మిల్లీగ్రాముల ప్రొజెస్టిరాన్‌ క్యాప్సూల్‌ కూడా తప్పనిసరి. ఒక్క ఈస్ట్రోజెనే వాడితే గర్భసంచి లోపలి పొర మందంగా పెరిగి, అది క్యాన్సర్‌గా మారే ముప్పుంటుంది. మగత వస్తోందనో, ఖర్చనో కొందరు క్యాప్సూల్‌ మానేసి జెల్‌ మాత్రం కొనసాగిస్తారు. ఈ పని ఎట్టి పరిస్థితుల్లోనూ చెయ్యకూడదు.

నాలుగు వారాల్లో ఆవిర్లు తగ్గటం మొదలవుతుంది. పూర్తి ఫలితం తెలియటానికి మూడు నెలలు పడుతుంది. మొదట్లో రొమ్ములు సలపటం, కొద్దిగా రక్తపు మరకలు కనిపించటం మామూలే. అయితే ఆరు నెలలు దాటాక కూడా మరకలు కనిపిస్తే స్కానింగ్‌ చేయించి గర్భసంచి పొరను చూడాలి. ఏడాదికోసారి డాక్టర్‌ను కలిసి, ఇంకా అవసరమా కాదా అన్నది తిరిగి తేల్చుకోవాలి. రెండు హార్మోన్లూ కలిపి వాడినప్పుడు రొమ్ముక్యాన్సర్‌ ముప్పు వాడిన కాలంతో పాటు పెరుగుతుంది కాబట్టి సంవత్సరాల తరబడి అడగకుండా కొనుక్కుంటూ పోవద్దు.

చెల్లెలు హాయిగా నిద్రపోతోందని తెలిసి 64 ఏళ్ల అక్క తనకూ అదే రాయమంటారు. ఆమెకు 47 ఏళ్లకే నెలసరి ఆగింది. అంటే 17 ఏళ్లయింది. బీపీ మాత్రలు వాడుతున్నారు. ఆమె బాధ నడుంనొప్పి, మూత్రంలో మంట. ఈమెకు ఇప్పుడు కొత్తగా హార్మోన్లు మొదలుపెట్టకూడదు. పొడిబారటం వల్ల వచ్చే మంటకు యోనిలో రాసుకునే తక్కువ మోతాదు ఈస్ట్రోజెన్‌ క్రీము సరిపోతుంది. అది రక్తంలోకి దాదాపుగా వెళ్లదు కాబట్టి ఈ వయసులోనూ వాడొచ్చు. ఆమె నడుంనొప్పిని మాత్రం వేరుగా చూడాలి.

ఎవరు వాడకూడదు?

రొమ్ము లేదా గర్భసంచి క్యాన్సర్‌ వచ్చినవారు, గుండెపోటు, పక్షవాతం, కాళ్లలో లేదా ఊపిరితిత్తుల్లో రక్తం గడ్డలు వచ్చినవారు, కాలేయ జబ్బు ముదిరినవారు, కారణం తెలియని రక్తస్రావం ఉన్నవారు వీటిని వాడకూడదు. వీరికి ఆవిర్లు తగ్గించటానికి వెన్లాఫాక్సిన్‌, గాబాపెంటిన్‌ వంటి హార్మోన్‌ కాని మందులున్నాయి.

గర్భసంచి తీయించుకున్నవారి సంగతి వేరు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేల్లో ఈ ఆపరేషన్లు ఎక్కువగా కనిపించేది మన రెండు తెలుగు రాష్ట్రాల్లోనే. నలభైకి ముందే గర్భసంచితో పాటు అండాశయాలు కూడా తీసేస్తే ఈస్ట్రోజెన్‌ ఒక్కరోజులో పడిపోతుంది. ఇలాంటివారికి వేరే అభ్యంతరం లేకపోతే, సహజంగా ముట్లుడిగే వయసు దాకా ఒక్క ఈస్ట్రోజెన్‌ ఇవ్వటం ఎముకలకు, గుండెకు రక్షణ. మీ ఆపరేషన్‌లో అండాశయాలు ఉంచారా, తీశారా అన్నది డిశ్చార్జి కాగితంలో ఉంటుంది. దాన్ని జాగ్రత్తగా దాచుకోండి.

ఎముకల లెక్క

పాత ఎముకను తొలిచే కణాలకు ఈస్ట్రోజెన్‌ కళ్లెంలాంటిది. అది తగ్గగానే తొలవటం వేగమవుతుంది. ముట్లుడిగే సమయం నుంచి అయిదారేళ్లలో వెన్నెముక సాంద్రత సుమారు పదో వంతు తగ్గిపోవచ్చు. నొప్పేమీ ఉండదు. నిలబడ్డ ఎత్తు నుంచి జారిపడినందుకే మణికట్టు విరగటం, ఎత్తు తగ్గటం, వీపు వంగటం దీని గుర్తులు. మామూలు ఎక్స్‌రేలో తేడా కనిపించేసరికే చాలా ఎముక పోయి ఉంటుంది.

సాంద్రతను సరిగ్గా కొలిచేది తుంటికి, నడుముకు చేసే డెక్సా స్కాన్‌. ఉచిత శిబిరాల్లో మడమకు పెట్టి చూసే పరికరం దీనికి బదులు కాదు. దాని ఫలితాన్ని చూసి మందులు మొదలుపెట్టొద్దు. డెక్సాలో టి-స్కోరు మైనస్‌ 1 దాకా ఉంటే బాగున్నట్టు. మైనస్‌ 1 నుంచి మైనస్‌ 2.5 మధ్య ఉంటే ఎముక పలచబడుతున్నట్టు. మైనస్‌ 2.5, అంతకన్నా కిందకు ఉంటే గుల్లబారినట్టు.

మన ఉదాహరణలో చెల్లెలి స్కోరు మైనస్‌ 1.6. ఆమె వాడుతున్న హార్మోన్లే ఎముకనూ కాపాడతాయి, ఆపేస్తే మాత్రం తరుగుదల మళ్లీ మొదలవుతుంది. అక్క స్కోరు మైనస్‌ 2.8. నడుంనొప్పికి ఎక్స్‌రే తీస్తే ఒక వెన్నుపూస కుంగి ఉంది. ఆమెకు కావలసింది ఎముక మందే. వారానికోసారి వేసుకునే 70 మిల్లీగ్రాముల అలెండ్రోనేట్‌ మాత్రను ఉదయం పరగడుపున, గ్లాసు నిండా మంచినీళ్లతో మింగి, కనీసం అరగంట పాటు పడుకోకుండా, ఏమీ తినకుండా ఉండాలి. కాఫీతో మింగితే మందు ఒంటికి పట్టదు, వెంటనే పడుకుంటే అన్నవాహిక పుండవుతుంది.

ఇక కాల్షియం. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ లెక్క ప్రకారం ముట్లుడిగినవారికి రోజుకు 1,200 మిల్లీగ్రాములు కావాలి. మాత్ర కొనేముందు మీ పళ్లెంలో ఎంతుందో లెక్కేయండి. గ్లాసు పాలలో సుమారు 240, గ్లాసు పెరుగులో దాదాపు అంతే, 50 గ్రాముల రాగిపిండి జావలో 180, రెండు చెంచాల నువ్వుల పొడిలో 120, గుప్పెడు మునగాకులో 150 వస్తాయి. మొత్తం 930. పప్పు, కూరల్లో మరో వంద దాకా వస్తుంది. లోటు కొద్దిగానే ఉంటుంది కాబట్టి ఇలా తినేవారికి మాత్ర దాదాపు అక్కర్లేదు. పాలు, పెరుగు ముట్టనివారికి రోజుకొకటి, అదీ భోజనం తర్వాత చాలు. థైరాయిడ్‌ మాత్ర వేసుకునేవారు దానికీ కాల్షియానికీ మధ్య నాలుగు గంటల ఎడం ఉంచాలి.

విటమిన్‌ డి 60,000 యూనిట్లది వారానికి ఒకటి చొప్పున, సాధారణంగా ఎనిమిది వారాలు రాస్తారు. రోజూ వేసుకోమన్నారనుకుని వాడేస్తే రక్తంలో కాల్షియం పెరిగి వాంతులు, విపరీతమైన దాహం, మలబద్ధకం వస్తాయి, కిడ్నీలు దెబ్బతింటాయి. చీటీలో ‘వారానికి’ అని ఉందేమో ఇంట్లో ఎవరితోనైనా చదివించుకోండి.

చివరగా ఒక్క మాట. హార్మోన్లు వాడినా, వాడకపోయినా, నెలసరి ఆగి ఏడాది దాటాక ఎప్పుడైనా రక్తం కనిపిస్తే, ఒక్క చుక్కే అయినా, ‘మళ్లీ నెలసరి వచ్చింది’ అనుకుని ఊరుకోవద్దు. ఆ వారంలోనే స్త్రీల వైద్య నిపుణుల దగ్గరకు వెళ్లి స్కానింగ్‌ చేయించుకోండి. గర్భసంచి క్యాన్సర్‌ తొలి దశలో బయటపడేది చాలాసార్లు ఆ చుక్కతోనే.