ముందు బొమ్మ, ఆ తర్వాతే సమాకలనం

y = x³ అనే వక్రానికీ y = x అనే సరళరేఖకీ మధ్య వైశాల్యం ఎంత? ఇంటర్ రెండో ఏడాది విద్యార్థి రెండింటినీ సమానం చేస్తాడు. అవి −1, 0, 1 దగ్గర కలుస్తాయని తేలుతుంది. వెంటనే −1 నుంచి 1 దాకా (x − x³)కి నిశ్చిత సమాకలనం కడితే జవాబు సున్నా!

రెండు గీతల మధ్య చోటు కళ్లెదుటే ఉంటే వైశాల్యం సున్నా ఎలా అవుతుంది?

బొమ్మ గీస్తే గుట్టు తెలుస్తుంది. సున్నాకి కుడివైపు రేఖ పైన, వక్రం కింద. x = ½ దగ్గర రేఖ ఎత్తు ½, వక్రానిది ⅛ మాత్రమే. ఎడమవైపు వరస తిరగబడుతుంది: −½ దగ్గర వక్రం −⅛, రేఖ −½. అంటే అక్కడ వక్రమే పైన. సమాకలనం సన్నటి నిలువు పట్టీల ఎత్తులను కూడుతుంది. పైదాన్ని కింది దానిలోంచి తీసేస్తే ఎత్తు రుణమవుతుంది. అలా ఎడమ భాగం కుడి భాగాన్ని చెరిపేసింది.

కాబట్టి సున్నా దగ్గర విడగొట్టాలి. కుడివైపు (x − x³): ½ − ¼ = ¼. ఎడమవైపు (x³ − x): అదీ ¼. మొత్తం ½.

సరిచూసుకోవడమూ బొమ్మలోనే ఉంది. కుడి భాగం రేఖ కిందున్న త్రిభుజంలో ఇమిడిపోతుంది. ఆ త్రిభుజం వైశాల్యం ½. కనక ¼ నమ్మదగినదే.