వడ్డీ తగ్గినా ధర ఎక్కని బాండు

1992లో ఐడీబీఐ ఒక డీప్ డిస్కౌంట్ బాండు అమ్మింది. అప్పుడు 2,700 రూపాయలు కడితే 25 ఏళ్లకు లక్ష రూపాయలు. లెక్క వేస్తే ఏడాదికి పదిహేనున్నర శాతం చక్రవడ్డీ. కొన్నవాళ్లలో చాలామంది కళ్లు ఆ లక్ష మీదే నిలిచాయి. కానీ షరతుల్లో ఇంకో మాట కూడా ఉంది. గడువుకు ముందే, ముందుగా చెప్పిన మొత్తం చెల్లించి, బాండును వెనక్కి తీసుకునే హక్కు సంస్థకు ఉంటుంది. ఆ తర్వాతి ఏళ్లలో దేశంలో వడ్డీ రేట్లు బాగా దిగాయి. ఐడీబీఐ ఆ హక్కును వాడుకుంది. ఇందులో మోసం లేదు, షరతు ప్రకారమే జరిగింది. లక్ష వస్తుందనుకున్నవాళ్లకు మాత్రం ఆ లక్ష రాలేదు.

ఇలా వెనక్కి తీసుకునే హక్కున్న బాండును కాలబుల్ బాండు అంటారు. బ్యాంకులు, ప్రభుత్వ రంగ సంస్థలు ఇప్పటికీ వీటిని జారీ చేస్తున్నాయి. మన మ్యూచువల్ ఫండ్లలోనూ ఇవి ఉంటాయి. వడ్డీ రేట్లు తగ్గితే బాండ్ల ధర పెరుగుతుందన్న సూత్రం చాలామందికి తెలుసు. కాలబుల్ బాండు దగ్గర ఆ సూత్రం సగం దారిలో ఆగిపోతుంది. ఎందుకో ఒక చిన్న లెక్కతో చూద్దాం.

ముఖవిలువ 100 రూపాయలు, ఏటా 8 రూపాయల వడ్డీ, గడువు 10 ఏళ్లు ఉన్న బాండు ఒకటి ఉందనుకోండి. సరిగ్గా ఏడాది తర్వాత, ఒకే ఒక్కసారి, 100 రూపాయలిచ్చి దాన్ని వెనక్కి తీసుకునే హక్కు కంపెనీకి ఉంది. మార్కెట్ వడ్డీ రేటు ఇప్పుడు 8 శాతం. ఏడాది తర్వాత అది 7 కావచ్చు, 8 దగ్గరే ఉండవచ్చు, 9 కావచ్చు. మూడింటికీ సమాన అవకాశం ఉందనుకుందాం.

రేటు 7కు దిగితే, మిగిలిన తొమ్మిదేళ్ల బాండు నిజానికి 106.52 రూపాయలు పలకాలి. కానీ కంపెనీ అంత ఇవ్వనక్కర్లేదు. 100 ఇచ్చి పాత అప్పు తీర్చేస్తుంది, 7 శాతానికి కొత్త అప్పు తెచ్చుకుంటుంది. రేటు 9కి ఎక్కితే బాండు విలువ 94కు పడుతుంది. అప్పుడు కంపెనీ వెనక్కి తీసుకోదు, ఆ బాండు మన దగ్గరే ఉండిపోతుంది. మేలు జరిగే దారిలో 100 దగ్గర గోడ ఉంది, కీడు జరిగే దారి బార్లా తెరిచి ఉంది. ఈ మూడు ఫలితాల సగటుకు ఆ ఏడాది వచ్చే 8 రూపాయలు కలిపి, నేటి విలువకు తెస్తే బాండు ధర 98.15 వస్తుంది. వెనక్కి తీసుకునే హక్కు లేని అచ్చం ఇలాంటి బాండు 100.16 పలుకుతుంది. తేడా రెండు రూపాయలు. కంపెనీకి మనం అమ్మిన హక్కు ఖరీదు అదే.

ఇక డ్యురేషన్ సంగతి. వడ్డీ రేటు ఒక శాతం కదిలితే బాండు ధర సుమారు ఎంత శాతం కదులుతుందో చెప్పే అంకె అది. మామూలు బాండులో ఎప్పుడు ఎంత డబ్బు వస్తుందో ముందే తెలుసు కాబట్టి సూత్రంలో వేసి లెక్కకట్టవచ్చు. కాలబుల్ బాండులో రాబోయే డబ్బే రేటును బట్టి మారిపోతుంది. ఏడాదికే 108 రావచ్చు, పదేళ్ల పాటు ఎనిమిదేసి రూపాయలూ చివర్లో అసలూ రావచ్చు. అందుకే ఇక్కడ వేరే పద్ధతి పాటిస్తారు. రేటును కొంచెం కిందికి దించి మొత్తం లెక్క మళ్లీ వేస్తారు, కంపెనీ అప్పుడేం చేస్తుందన్నదీ కలుపుకుని. అలాగే కొంచెం పైకి జరిపి మరోసారి వేస్తారు. ఆ రెండు ధరల తేడాను ఇప్పటి ధరతోనూ, మొత్తం జరిపిన రేటుతోనూ భాగిస్తే వచ్చేదే ఎఫెక్టివ్ డ్యురేషన్.

మన బాండుకు వేసి చూద్దాం. ఇప్పటి రేటు 7 అయితే ధర 100.93. ఏడాది తర్వాత రేటు 6, 7, 8లలో ఏదైనా కంపెనీ 100 మించి ఇచ్చే పని లేదు కాబట్టి, 108ని ఒక్క ఏడాదికి వెనక్కి తెస్తే సరిపోతుంది. ఇప్పటి రేటు 9 అయితే ధర 93.73. తేడా 7.20. దాన్ని 98.15తోనూ, రెండు శాతంతోనూ భాగిస్తే 3.67. హక్కు లేని బాండుకు ఇదే లెక్క 6.72 ఇస్తుంది.

అసలు విషయం ఈ 3.67 కూడా నిలకడగా ఉండకపోవడం. రేటు 9 దగ్గర ఉన్నప్పుడు ఇదే బాండు డ్యురేషన్ 5.50. 7 దగ్గర 1.85 మాత్రమే. ధరల్లో చూస్తే ఇంకా స్పష్టం. రేటు 10 నుంచి 9కి దిగితే ధర 5.89 రూపాయలు పెరుగుతుంది. 9 నుంచి 8కి దిగితే 4.42. 8 నుంచి 7కు 2.78. 7 నుంచి 6కు 96 పైసలు. హక్కు లేని బాండులో ఇదే క్రమంలో పెరుగుదల 5.89, 6.43, 7.04, 7.72. ఒకటి మెట్టు మెట్టుకూ జోరందుకుంటుంది, రెండోది మెట్టు మెట్టుకూ నీరసిస్తుంది. మొదటిదాన్ని పాజిటివ్ కాన్వెక్సిటీ అంటారు, రెండోదాన్ని నెగెటివ్ కాన్వెక్సిటీ.

కారణం గణితంలో కంటే కంపెనీ ప్రయోజనంలో ఉంది. రేటు ఎంత దిగితే బాండును వెనక్కి తీసుకోవడం కంపెనీకి అంత లాభం, కాబట్టి ఆ అవకాశం అంత బలపడుతుంది. పదేళ్ల బాండు క్రమంగా ఏడాది డిపాజిట్‌లా ప్రవర్తించడం మొదలుపెడుతుంది. ఏడాది డిపాజిట్ ధర రేటు మార్పుకు పెద్దగా స్పందించదు. రేటు ఎక్కినప్పుడు ఆ అవకాశం సన్నగిల్లి, అదే బాండు మళ్లీ పదేళ్ల బాండైపోతుంది. దీర్ఘకాలపు బాండు ఉంటే బాగుండునని మనం కోరుకునే రోజున అది పొట్టిదవుతుంది, పొట్టి బాండు కావలసిన రోజున పొడుగవుతుంది. పైగా కంపెనీ తిరిగిచ్చిన 100ను మనం అప్పటికి తగ్గిపోయిన రేటుకే మళ్లీ పెట్టాలి. ఈ రెండో నష్టం డ్యురేషన్ అంకెలో కనిపించదు.

ఈ లెక్కకు పరిమితి ఉంది. ఏడాదిలో రేటు ఒక శాతమే కదులుతుందని నేను అనుకున్నాను. రెండు శాతం కదలవచ్చనుకుంటే హక్కు విలువ పెరుగుతుంది, ధర తగ్గుతుంది, డ్యురేషన్ కూడా మారుతుంది. నిపుణులు వాడే నమూనాల్లో ఇలాంటి శాఖలు వందల్లో ఉంటాయి. అయినా రేటు ఎంత ఊగుతుందన్న ఊహ మీదే చివరి అంకె ఆధారపడుతుంది. ఒకే బాండుకు రెండు సంస్థలు రెండు ఎఫెక్టివ్ డ్యురేషన్లు చెబితే రెండూ సరైనవే కావచ్చు.

ఈ లెక్కను పక్కనపెట్టి ఏదో ఒక తేదీని గడువుగా ఖాయం చేసుకోవడం మాత్రం ప్రమాదమని నా అభిప్రాయం. బ్యాంకుల శాశ్వత బాండ్ల విషయంలో మన దగ్గర ఈ చర్చే నడిచింది. కాల్ తేదీనే గడువుగా చూసే అలవాటు మార్కెట్లో ఉండేది. 2021 మార్చిలో సెబీ ఆ బాండ్లకు 100 ఏళ్ల గడువు ఉన్నట్టు భావించి విలువ కట్టాలని మ్యూచువల్ ఫండ్లకు చెప్పింది. అభ్యంతరాలు రావడంతో దాన్ని దశలవారీ చేసింది. ధర కట్టడానికి ఒక తేదీ అనుకోక తప్పకపోవచ్చు. నష్టభయం కొలవడానికి మాత్రం అది చాలదు. మన ఉదాహరణలో ఏడాదికే తీరిపోతుందనుకుంటే డ్యురేషన్ ఒకటి కంటే తక్కువ, పదేళ్లూ ఉంటుందనుకుంటే 6.72. నిజం ఆ రెంటి మధ్య ఉంది, రేటుతో పాటు జరుగుతూ ఉంది.

కాబట్టి మామూలు బాండు కంటే అర శాతం ఎక్కువ వడ్డీ ఇస్తామన్న బాండు కనిపిస్తే, ఆఫర్ డాక్యుమెంట్‌లో కాల్ తేదీ, కాల్ ధర వెతకండి. అవి ఉంటే, రేటు ఒక శాతం దిగినప్పుడు ధర ఎంత పెరుగుతుంది, ఒక శాతం ఎక్కినప్పుడు ఎంత పడుతుంది అని అమ్మేవాళ్లను విడివిడిగా అడగండి. పడేది పెరిగేదానికంటే ఎక్కువని తేలితే, ఆ అర శాతం దేనికిస్తున్నారో తెలిసినట్టే. అది చాలో చాలదో అప్పుడు నిర్ణయించుకోండి.